కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోంది: పైపులోకి కరెంటు ఎలా వస్తుంది, ఎందుకు అక్కడే ఉండిపోతుంది

క్లుప్తంగా

లోహపు కుళాయో పైపో చిన్నగా షాక్ కొడుతోందంటే సాధారణంగా రెండు తప్పులు ఒకచోట కలిశాయని అర్థం. ఎక్కడో కరెంటు పైపులోకి లీకవుతోంది, ఆ లీకైన కరెంటు వెళ్లిపోవడానికి సరైన దారి లేదు. మొదటి తప్పు ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా ఉండగలదు. రెండోది తోడైన రోజే చేతికి తెలుస్తుంది. షాక్ చిన్నగా ఉంది కాబట్టి లోపమూ చిన్నదే అనుకోవడానికి లేదు, ఎందుకంటే ఆ క్షణంలో కాళ్లకు చెప్పులున్నాయా, నేల తడిగా ఉందా అన్నదాన్ని బట్టే దెబ్బ మారిపోతుంది.

## ఒక్క కుళాయి వల్ల షాక్ కొట్టదు

కుళాయిలో "కరెంటు ఉంది" అంటాం కానీ, కుళాయి ఒక్కటే ఎంత వోల్టేజీలో ఉన్నా దానివల్ల ఒంటికి ఏమీ తెలియదు. చెయ్యి తగిలిన చోటికీ కాలు ఆనిన చోటికీ మధ్య వోల్టేజీ తేడా ఉన్నప్పుడే ఒంట్లోంచి కరెంటు పారుతుంది. కుళాయి 90 వోల్టుల్లో ఉండి, నేల కూడా అదే 90 వోల్టుల్లో ఉంటే ఏమీ జరగదు. కుళాయి సున్నాలో ఉండి, నిలబడ్డ తడినేల 30 వోల్టుల్లో ఉన్నా షాక్ కొడుతుంది, పాపం నింద మాత్రం కుళాయి మీదే పడుతుంది. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే కింద చెప్పేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఎంత కరెంటు పారితే తెలుస్తుంది? ఇళ్లకొచ్చే ఏసీ సరఫరాలో దాదాపు అర మిల్లీఆంపియర్ దగ్గర చాలామందికి చిమచిమలాడినట్టు తెలియడం మొదలవుతుంది. 10 మిల్లీఆంపియర్ల దరిదాపుల్లో కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదల్లేని పరిస్థితి వస్తుంది, పిల్లలకైతే అంతకంటే తక్కువకే. 30 దాటి కాసేపు పారితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. అంటే "ఏదో జివ్వుమంది" అనడానికీ "చెయ్యి వదల్లేకపోయాడు" అనడానికీ మధ్య ఉన్నది ఇరవై రెట్ల తేడా మాత్రమే. ఒంటి నిరోధం, కాళ్ల కింది నేల నిరోధం పొడిగా ఉన్నప్పటికీ తడిగా ఉన్నప్పటికీ వంద రెట్లు మారగలవు. కాబట్టి ఇరవై రెట్లు పెద్ద అడ్డేమీ కాదు.

## ప్లంబర్ వచ్చి వెళ్లిన మర్నాడు

ఈ సమస్య తరచుగా బయటపడే తీరు ఒకటుంది, చూడ్డానికి వింతగా ఉంటుంది. కరెంటు పని ఏదీ జరగలేదు, కొత్త వస్తువేదీ కొనలేదు. ప్లంబర్ వచ్చి కారుతున్న చోట పాత ఇనుప పైపు ముక్క కోసేసి ప్లాస్టిక్ పైపు వేసి వెళ్లాడు, అంతే. మర్నాడు పొద్దున స్నానాల గదిలో కుళాయి తిప్పబోతే చెయ్యి జివ్వుమంది. ప్లంబర్‌ని అడిగితే "నేను వైర్ల జోలికే పోలేదు" అంటాడు. అతను చెప్పేది నిజమే. ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్ బోర్డు విప్పి చూసి ఎక్కడా వైరు తగలడం లేదంటాడు, అదీ నిజమే కావచ్చు.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకుని లోపలికి వెళ్దాం. భూమిలోంచి వచ్చిన పాత జీఐ పైపు గోడలోంచి పైకెక్కి స్నానాల గదికి చేరుతుంది. అక్కడ గోడకున్న గీజర్‌కి లోహపు గొట్టాలతో కలుస్తుంది. గీజర్ ప్లగ్గుకి మూడు పిన్నులున్నాయి, సాకెట్టుకి మూడు రంధ్రాలూ ఉన్నాయి. కానీ సాకెట్టు విప్పి చూస్తే పై రంధ్రం వెనక వైరే లేదు. బయటి నుంచి చూసేవాళ్లకి ఎర్తింగ్ ఉన్నట్టే కనిపిస్తుంది, నిజానికి లేదు.

గీజర్ లోపల ఎలిమెంట్ అంటే ఒక లోహపు గొట్టం, దాని మధ్యలో వేడెక్కే తీగ, ఆ రెండూ తగలకుండా మధ్యలో కూరిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. ఈ పొడి పొడిగా ఉన్నంతకాలం మంచి ఇన్సులేటర్, కానీ తేమను పీల్చుకుంటుంది. గొట్టానికి సన్నని పగులొచ్చినా, చివర్ల దగ్గర సీలు వదులైనా తేమ లోపలికి పాకి, తీగలోని కరెంటు కొద్దికొద్దిగా గొట్టంలోకి, అక్కడి నుంచి ట్యాంకులోకి, దాని నుంచి పైపులోకి దిగుతుంది. సీలు దగ్గర చేరిన తేమైతే ఎలిమెంట్ కాసేపు వేడెక్కాక ఆరిపోవచ్చు. అందుకే కొన్ని ఇళ్లలో పొద్దున్నే మొదటిసారి ముట్టుకున్నప్పుడు కొట్టి, పావుగంట తర్వాత తగ్గిపోతుంది. అప్పుడు అందరూ "అది భ్రమ" అని తేల్చేస్తారు.

ఈ ఇంట్లో లీకు ఎప్పటినుంచో ఉంది. ఎర్త్ వైరు లేకపోయినా ఇన్నాళ్లూ ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఆ పాత ఇనుప పైపే. అది భూమిలోకి దిగి ఉంది కాబట్టి, లీకైన కరెంటునంతా చడీచప్పుడు లేకుండా నేలలోకి పంపేసింది. ఎవరూ అప్పగించకుండానే పైపు ఎర్త్ వైరు పని చేసింది. ప్లంబర్ కోసింది ఆ దారిని.

కోసే క్షణంలో అతనికే షాక్ కొట్టే అవకాశం కూడా ఉంది, ఎందుకంటే పైపు రెండు ముక్కలయ్యాక పై ముక్క మీద ఒక చెయ్యి, కింది ముక్క మీద ఇంకో చెయ్యి పెడితే తెగిన దారిని ఒళ్లే కలుపుతుంది. అనుభవమున్నవాళ్లు ఇనుప పైపు కోసేముందు తెగే చోటికి ఇరువైపులా క్లిప్పులతో ఒక వైరు కట్టడం అందుకే.

## లెక్క వేసి చూస్తే

అంకెలు వేస్తే ఈ మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. సరఫరా 230 వోల్టులు అనుకుందాం. ఎలిమెంట్ ఇన్సులేషన్ పాడై, తీగకీ ట్యాంకుకీ మధ్య 20 వేల ఓమ్‌ల నిరోధం మాత్రమే మిగిలింది. ఇనుప పైపు ద్వారా భూమికి దారి 10 ఓమ్‌లు. అప్పుడు లీకయ్యేది 11.5 మిల్లీఆంపియర్లు, దానివల్ల కుళాయి మీద నిలిచే వోల్టేజీ ఒక వోల్టులో పదోవంతు. ఎవరి చేతికీ తెలియదు.

ఇప్పుడు మధ్యలో ప్లాస్టిక్ వచ్చింది. పై ముక్కకి భూమితో మిగిలిన సంబంధం తడిగోడ, సిమెంటు, పైపులోని నీళ్లు మాత్రమే. ఇవన్నీ కలిపి 15 వేల ఓమ్‌లు అనుకుంటే, కుళాయి వోల్టేజీ ఒక్కసారిగా 98కి ఎగబాకుతుంది. లీకు పెరగలేదు, ఇంకా చెప్పాలంటే కాస్త తగ్గింది కూడా. మారిందల్లా అది పోయే దారి.

చెప్పులేసుకుని పొడినేల మీద నిలబడ్డ మనిషి ముట్టుకుంటే, ఒంటితో చెప్పులతో కలిపి నిరోధం 2 లక్షల ఓమ్‌లు అనుకుందాం. పారేది అర మిల్లీఆంపియర్ కంటే ఒక పిసరు తక్కువ. కొందరికి తెలుస్తుంది, కొందరికి తెలియదు, ఇంట్లో వాదన మొదలవుతుంది. అదే మనిషి చెప్పుల్లేకుండా తడినేల మీద, నీళ్లు పోయే జాలీ పక్కన నిలబడితే మొత్తం నిరోధం 2 వేల ఓమ్‌లకు పడిపోవచ్చు. అప్పుడు ఒంట్లోంచి పారేది 9 మిల్లీఆంపియర్లకు పైనే, అంటే చెయ్యి బిగుసుకుపోయే అంచు. గీజర్ అదే, కుళాయి అదే, మనిషీ అదే. పొద్దున "కొంచెం జివ్వుమంది" అన్నది స్నానం చేసేటప్పుడు ఏమవుతుందో ఈ తేడా చెబుతుంది.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న: మెయిన్‌లో కరెంటు లీకుని పసిగట్టి సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉంది కదా, అది పడిపోవాలి కదా? ఇళ్లలో మనుషుల రక్షణకు వాడే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్లది. వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా 15 నుంచి 30 మధ్యకి చేరితేనే అది పడుతుంది. ఈ ఇంట్లో తేడా 11.5 మించడం లేదు, కాబట్టి అది చెడిపోకపోయినా పడదు. ఎంసీబీ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ఆంపియర్ల లెక్కలో పనిచేసేది.

ఎలిమెంట్ ఇంకా పాడై 20 వేలు కాస్తా 5 వేల ఓమ్‌లయిందనుకోండి. ఎర్త్ వైరు ఉండి ఉంటే ఆ దారిలో 46 మిల్లీఆంపియర్లు పారి, ఎవరూ ముట్టుకోకముందే ఆర్‌సీసీబీ పడిపోయేది. ఎర్త్ లేని ఈ ఇంట్లో తడిగోడ 11.5 మాత్రమే లాగుతుంది, ఆర్‌సీసీబీ అలాగే ఉంటుంది. తడికాళ్లతో ఒకరు కుళాయి పట్టుకున్నప్పుడు మొత్తం 34కి పెరుగుతుంది, అందులో 30 ఆ మనిషి ఒంట్లోంచే పోతుంది, అప్పుడు పడుతుంది ఆర్‌సీసీబీ. ప్రాణం దక్కవచ్చు, కానీ పరీక్ష పెట్టింది మనిషి మీద. ఆర్‌సీసీబీ కూడా లేని ఇంట్లో ఆ 30 ఆగేదే లేదు.

## స్విచ్ ఆపేస్తే ఎక్కువ కొట్టే గీజర్

"గీజర్ ఆపేసే ఉంది, అయినా కొడుతోంది, కాబట్టి గీజర్ కారణం కాదు" అనే తీర్మానం చాలా చోట్ల వినిపిస్తుంది. ఇది తొందరపాటు. ఒకే వైరుని తెంపే స్విచ్ ఫేజ్‌లో ఉండాలి. వైరింగ్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారైతే స్విచ్ న్యూట్రల్‌ని తెంపుతుంది. నీళ్లు వేడెక్కడం ఆగుతుంది, లైటు ఆరుతుంది, చూసేవాళ్లకి అంతా ఆగినట్టే. కానీ ఎలిమెంట్‌లోకి ఫేజ్ వస్తూనే ఉంటుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పనిచేస్తున్న ఎలిమెంట్‌లో వోల్టేజీ ఒక చివర 230 నుంచి మొదలై రెండో చివరకు దాదాపు సున్నాకి దిగుతుంది. ఇన్సులేషన్ పాడైన చోటు సున్నా ఉన్న చివరికి దగ్గరగా ఉందనుకోండి, గీజర్ నడుస్తున్నంతసేపూ అక్కడి నుంచి లీకయ్యేది చాలా తక్కువ. న్యూట్రల్‌లో ఉన్న స్విచ్ ఆపగానే తీగ మొత్తం, ఆ చివర కూడా, 230కి వచ్చేస్తుంది. అప్పుడు మొదలవుతుంది అసలు లీకు. వేసినప్పుడు కొట్టని కుళాయి ఆపినప్పుడు కొడుతుంది. కరెంటు పని తెలిసినవాళ్లు కూడా ఒక్కోసారి దీని దగ్గర తల గోక్కుంటారు. అందుకే గీజర్‌ని కారణాల్లోంచి తీసేయాలంటే స్విచ్ సరిపోదు, ప్లగ్గు పీకేయాలి లేదా రెండు వైర్లనీ తెంపే డబుల్ పోల్ స్విచ్ ఆపాలి.

## మీటర్‌లో 98 కనిపించింది, అయితే?

నియాన్ టెస్టర్ వెలగడానికి పిసరంత కరెంటు చాలు. అది వెలిగితే "ఏదో ఉంది" అని మాత్రమే తెలుస్తుంది, ప్రమాదం ఎంతో తెలియదు. వెలగకపోయినా ధీమాగా ఉండటానికి లేదు, ఎందుకంటే టెస్టర్ పట్టుకున్న మనిషి కాలి కింది నేల కూడా ఆ లెక్కలో భాగమే.

డిజిటల్ మల్టీమీటర్‌తో ఇబ్బంది ఇంకో రకం. దాని లోపలి నిరోధం సాధారణంగా కోటి ఓమ్‌లు, అంటే కొలిచే చోటు నుంచి అది దాదాపు ఏమీ లాగదు. పక్కన పోతున్న వైర్ల నుంచి ఊరికే అంటుకున్న వోల్టేజీని కూడా అది నిజాయితీగా చూపించేస్తుంది. ఎలక్ట్రీషియన్లు దీన్ని గోస్ట్ వోల్టేజీ అంటారు. అందువల్ల కుళాయికీ నేలకీ మధ్య 98 వోల్టులు కనిపిస్తే దాన్నిబట్టి భయపడాలో వద్దో తేల్చలేం.

తేల్చేది లోడ్. మీటర్ రెండు కాళ్ల మధ్య మనిషి ఒంటిని పోలిన వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి మళ్లీ చూస్తారు. 98 కాస్తా అర వోల్టుకి పడిపోతే పారుతున్నది అర మిల్లీఆంపియర్. ఎర్త్ లేని వాషింగ్ మెషీన్‌లాంటి వస్తువు లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే లీకు ఈ కోవలోదే. ఆ కెపాసిటర్లు ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య చట్రాన్ని కట్టి ఉంచుతాయి, ఎర్త్ లేకపోతే చట్రం సరఫరాలో సుమారు సగం వోల్టేజీ దగ్గర తేలుతుంది. భయపెట్టే అంకె, కానీ దాని వెనక బలం తక్కువ. ఎర్త్ కలిపితే సమస్య పోతుంది, వస్తువు చెడిపోయినట్టు కాదు.

మనం ఊహించుకున్న ఇంట్లో అదే పరీక్ష చేస్తే 98 పడిపోయి 10 వోల్టుల దగ్గర ఆగుతుంది. 10 వోల్టులంటే తక్కువే కదా అనిపిస్తుంది, కానీ వెయ్యి ఓమ్‌ల మీద 10 వోల్టులంటే 10 మిల్లీఆంపియర్లు. మొదటి అంకె రెండు చోట్లా ఒకటే, వెనకున్న బలం మాత్రం ఇరవై రెట్లు ఎక్కువ. కొన్ని మీటర్లలో లో-జెడ్ అనే స్థానం ఉంటుంది, అది ఇలాంటి లోడ్‌ని లోపలే పెట్టి కొలుస్తుంది. అది లేకుండా తీసిన ఒక్క అంకె పట్టుకుని ఎవరైనా "ఏం ఫరవాలేదు" అన్నా, "వామ్మో" అన్నా రెండూ నమ్మదగ్గవి కావు. ఈ పరీక్ష తెలిసిన ఎలక్ట్రీషియన్ చెయ్యాల్సిందే, ఇంట్లోవాళ్లు ప్రయోగాలు చేసేది కాదు.

## ఎవరు పైకి లేచారు: కుళాయా, ఎర్తా?

కుళాయికీ నేలకీ మధ్య వోల్టేజీ ఉందని తేలాక వెతకాల్సింది అది ఎటువైపు నుంచి వచ్చిందని. దీనికి మూడు కొలతలు చాలు: కుళాయికీ నేలకీ మధ్య, కుళాయికీ సాకెట్టులోని ఎర్త్‌కీ మధ్య, సాకెట్టు ఎర్త్‌కీ నేలకీ మధ్య. నేల అంటే తడిగుడ్డ పరిచి దాని మీద పెట్టిన లోహపు పలక, లేదా జాలీ లోహానిదై మురుగు పైపుతో కలిసి ఉంటే అది. సాకెట్టులో ఎర్త్ నిజంగా ఉందో లేదో ముందు చూసుకోవాలి, మన ఇంట్లోలాగా వెనక వైరే లేకపోతే కొలతకు అర్థం లేదు, ఇంకో సాకెట్టు నుంచి పొడవాటి వైరుతో ఎర్త్ తెచ్చుకోవాలి.

సాకెట్టు ఎర్త్, నేల ఒకే స్థాయిలో ఉండి కుళాయి మాత్రం పైకి లేచి ఉంటే లోపం పైపుకి తగిలిన వస్తువులోనో, పైపుని ఆనుకుని గోడలో పోతున్న దెబ్బతిన్న వైరులోనో ఉంది. మన ఇల్లు ఈ రకం.

కుళాయి, సాకెట్టు ఎర్త్ ఒకే స్థాయిలో ఉండి నేలతో పోలిస్తే రెండూ పైకి లేచి ఉంటే కథ వేరు. అప్పుడు పైపు సరిగ్గానే ఎర్త్‌కి కలిసి ఉంది, ఎర్తే వోల్టేజీలో ఉంది. ఇంటి ఎర్త్ కడ్డీ చుట్టూ మట్టి ఎండిపోయి దాని నిరోధం 100 ఓమ్‌లకు చేరిందనుకోండి, సరఫరా వైపు ఎర్త్ 10 ఓమ్‌లు. ఎక్కడో ఒక మోటారులో ఫేజ్ నేరుగా బాడీకి తగిలింది. పారేది 230ని 110తో భాగిస్తే వచ్చే 2 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడ్‌లా కనిపిస్తుంది, పడదు. ఆ 2 ఆంపియర్లు 100 ఓమ్‌ల మీద 200 వోల్టులకు పైగా నిలబెడతాయి. ఇంట్లో ఎర్త్‌కి కలిసిన ప్రతి లోహం, కుళాయిలతో సహా, ఆ వోల్టేజీకి లేస్తుంది. మోటారు ఒక మూల చెడితే షాక్ ఇంకో మూల స్నానాల గదిలో కొడుతుంది. కడ్డీతో ఎర్త్ చేసుకునే ఇళ్లలో ఆర్‌సీసీబీ తప్పనిసరి అనేది ఈ లెక్క వల్లే. అది ఉండి ఉంటే మోటారు బాడీకి ఫేజ్ తగిలిన క్షణంలోనే పడిపోయేది.

## బాండింగ్ చేసేదేమిటి, చేయనిదేమిటి

ఎర్తింగ్, బాండింగ్ అనే రెండు మాటల్ని ఒకదానికొకటి వాడేస్తుంటారు. ఎర్తింగ్ పని లీకైన కరెంటు తిరిగిపోవడానికి దారి ఇచ్చి, రక్షణ స్విచ్ పడేలా చేయడం. బాండింగ్ పని ఒకేసారి అందే రెండు లోహాల మధ్య తేడా లేకుండా చేయడం. గీజర్ బాడీ, నీళ్ల పైపు, లోహపు మురుగు పైపు, సాకెట్టు ఎర్త్ వీటన్నిటినీ రాగి వైరుతో, క్లాంపులతో ఒకటిగా కలిపేస్తే లోపం వచ్చినప్పుడు అన్నీ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం గదిలో చేసే ఇలాంటి కలయికకు వైరుకి దెబ్బ తగలకుండా గొట్టంలాంటి కాపు లేకపోతే కనీసం 4 చదరపు మిల్లీమీటర్ల రాగి ఉండాలి. ఇంట్లోకి పైపు వచ్చే చోట మెయిన్ ఎర్త్‌కి కలిపేదైతే కనీసం 6.

దీని హద్దులు కూడా చూడాలి. బాండింగ్ లీకుని ఆపదు. పాడైన ఎలిమెంట్ పాడైనట్టే ఉంటుంది. బాండింగ్ వైరు ఎర్త్‌కి కలవకపోతే, కలిపిన లోహాలన్నీ ఒకటిగా 98 వోల్టుల్లో తేలుతాయి, వాటి మధ్య తేడా ఉండదు కానీ సిమెంటు నేల వాటిలో భాగం కాదు కదా, నేల మీద నిలబడ్డవాళ్లకి షాక్ అలాగే ఉంటుంది. ఇక పెరట్లో మట్టి మీద నిలబడి పట్టుకునే కుళాయికి లోపలి బాండింగ్ ఏ సాయమూ చేయదు, మట్టిని వైరుతో కట్టలేం. పైన చెప్పిన 200 వోల్టుల ఇంట్లో ఎక్కువ ప్రమాదం ఆ పెరటి కుళాయి దగ్గరే.

పైపుకి చేసిన బాండింగ్ ఏళ్ల తర్వాత పనిచేయకపోవడానికి కారణాలు చాలా మామూలువి. క్లాంపు కింద రంగు గీకకుండా బిగించడం, తేమకి తుప్పు పట్టడం, పైపు మార్చినప్పుడు క్లాంపు విప్పి మళ్లీ పెట్టకపోవడం, లేదా క్లాంపు పెట్టిన చోటికీ కుళాయికీ మధ్య ఒక ప్లాస్టిక్ ముక్క వచ్చి చేరడం. కంటికి అంతా ఉన్నట్టే ఉంటుంది. సరఫరా ఆపి, కుళాయి నుంచి బోర్డులో ఎర్త్ వైర్లన్నీ కలిసే ఎర్త్ బార్ దాకా నిరోధం కొలిస్తేనే తెలుస్తుంది, ఒక ఓమ్ లోపు రావాల్సింది వేలల్లో వస్తే ఎక్కడో తెగింది.

## పైపులన్నీ ప్లాస్టిక్ అయితే?

చివర్లో కుళాయి మాత్రమే లోహం, గోడలో అంతా ప్లాస్టిక్ అనే ఇళ్లలో ఆ కుళాయిని బాండింగ్ చేయాలా? సాధారణంగా అక్కర్లేదు, కొన్నిసార్లు చేయకపోవడమే మేలు. ఊరికే వేలాడుతున్న లోహానికి ఎర్త్ కలిపితే, పక్కన ఇంకేదైనా వస్తువు చెడినప్పుడు కరెంటు పారడానికి కొత్త దారి మనమే ఇచ్చినట్టవుతుంది. దీనికి వాడుకలో ఉన్న ఒక లెక్క ఉంది. 230 వోల్టుల దగ్గర 10 మిల్లీఆంపియర్లు మించకూడదంటే మొత్తం నిరోధం 23 వేల ఓమ్‌లు ఉండాలి. మనిషిది వెయ్యి తీసేస్తే 22 వేలు. లోహపు భాగానికీ మెయిన్ ఎర్త్‌కీ మధ్య నిరోధం అంతకంటే ఎక్కువుంటే దాన్ని విడిగా వదిలేయొచ్చు, తక్కువుంటే కలపాలి. మన ఇంట్లో మిగిలిన పై ముక్క 15 వేల దగ్గర ఉంది, అంటే సగం తెగి సగం అతుక్కుని ఉన్న పైపు. అలాంటిదే అన్నిటికంటే చికాకు, దాన్ని వదిలేయడానికి లేదు.

ప్లాస్టిక్‌లో నీళ్లే కరెంటు మోస్తాయా అన్న అనుమానం న్యాయమైనదే. మామూలు కుళాయి నీళ్లు నింపిన అరంగుళం పైపు ఒక మీటరు పొడవుకి సుమారు లక్ష ఓమ్‌ల నిరోధం ఇస్తుంది, నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే ఇంకా తక్కువ. గీజర్ ట్యాంకు పూర్తిగా ఫేజ్‌లోకి వచ్చేసి, అక్కడి నుంచి కుళాయికి 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టమే ఉంటే నిరోధం 30 వేల చిల్లర, అందులోంచి 6, 7 మిల్లీఆంపియర్లు రాగలవు. అది గట్టిగానే తెలుస్తుంది. ప్లాస్టిక్ పైపు వేశాం కాబట్టి గీజర్‌కి ఎర్త్ లేకపోయినా ఫరవాలేదు అనే మాట ఇక్కడ నిలబడదు.

## ఇంట్లో మెయిన్ ఆపినా కొడుతుంటే

రెండు వైర్లనీ తెంపే మెయిన్ స్విచ్ ఆపాక కూడా కుళాయికీ నేలకీ మధ్య వోల్టేజీ కనిపిస్తోందంటే అది బయటి నుంచి వస్తోంది. ఒకే లోహపు పైపు పక్కింటికీ పోతుంటే వాళ్ల గీజర్ లీకు ఇక్కడ తేలొచ్చు. ఇంకో కారణం కాస్త పెద్దది. కొన్ని సరఫరా పద్ధతుల్లో న్యూట్రల్, ఎర్త్ ఒకే వైరుగా వచ్చి ఇంటి మొదట్లో విడిపోతాయి. ఆ వైరు బయట తెగితే ఈ ఇంటిదే కాదు, అదే లైను మీదున్న ఇతర ఇళ్ల లోడ్ కరెంటు కూడా తిరిగిపోవడానికి దారి లేక ఇంటి ఎర్త్‌ని, దానికి కలిసిన పైపుని పట్టుకుని భూమిలోకి పోతుంది. గుర్తులు స్పష్టంగానే ఉంటాయి: మెయిన్ వేసి ఉండగా ఇంట్లో పెద్ద లోడ్ ఏదైనా వేసినప్పుడల్లా కుళాయి షాక్ పెరుగుతుంది, లైట్లు ఒకసారి మసకబారి ఒకసారి మరీ వెలుగుతాయి. ఇక్కడ ఎర్త్‌నే తాకకూడదు, పైపుని కోయకూడదు, ఎర్త్ వైరు విప్పకూడదు. సరఫరా సంస్థకి అప్పటికప్పుడు చెప్పాల్సిన లోపం ఇది, ఇంటి ఎలక్ట్రీషియన్ చేతిలోది కాదు.

బయటి కారణం కాదని తేలితే వెతుకులాట తేలికే. అన్ని ఎంసీబీలూ దించి, మీటర్ కుళాయి మీద ఉంచి, ఒక్కొక్కటే ఎక్కిస్తూ పోతే ఏది ఎక్కించగానే అంకె లేచిందో అక్కడ ఉంది దొంగ. మన ఇంట్లో అది గీజర్‌ది. ప్లగ్గు పీకి, పిన్నులకీ బాడీకీ మధ్య ఇన్సులేషన్ నిరోధం కొలిచే మెగ్గర్‌తో చూస్తే 10 లక్షల ఓమ్‌లకు పైన ఉండాల్సింది 20 వేల దగ్గర ఆగింది. ఎలిమెంట్ మార్చారు. సాకెట్టు వెనక ఎర్త్ బార్ దాకా కొత్త వైరు లాగారు, పై పైపు ముక్కకి రంగు గీకి క్లాంపు బిగించి దాన్నీ అదే బార్‌కి కలిపారు. కుళాయి నుంచి ఎర్త్ బార్‌కి నిరోధం 0.3 ఓమ్‌లు వచ్చింది. గీజర్ వేసి, తర్వాత ఆపి, రెండుసార్లూ కుళాయికీ తడినేలకీ మధ్య కొలిచారు. రెండుసార్లూ ఒక వోల్టులోపే. ప్లంబర్ వేసిన ప్లాస్టిక్ ముక్క మాత్రం అక్కడే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.